చిన్న కథ రాసిన, లెక్క సరిపోయిందో చూడండి: రాజేశం దుకాణం, అరకు ఎన్ని డబ్బాలు?

దుకాణపు బిడ్డ, హన్మకొండ

అందరికీ నమస్తే. సాయంత్రం పూట మా ఇంటి ముందర అర్రల ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తున్న. వాళ్లకు చదివి వినిపించడానికి ఒక కథ రాసిన. మా నాయినది కిరాణం, చిన్నప్పుడు అరలు సర్దుతుంటే నేనే డబ్బాలు అందించేదాన్ని. మనుషులు కల్పితం, లెక్క మాత్రం కాగితం మీద వేసుకున్నదే. కథ ఆఖరుకు ఒక అరల డబ్బాలు పెరుగుతయి, ఇంకో అరల తగ్గుతయి. ఎందుకు తగ్గిందని పిల్లలు అడిగితే వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పడం నాకు రావట్లేదు. అసలు నా లెక్కే తప్పైతే పిల్లల ముందు పెట్టక ముందే చెప్పండి.

కథ ఇది.

దసరా ఇంక పది రోజులు ఉందనగా రాజేశం షట్టర్ సగం దించి అరలు సర్దడానికి దిగాడు. పొద్దున బీట్ బజార్ నుంచి ఆటోలో ఏడు కార్టన్ల పాలపొడి డబ్బాలు వచ్చాయి. కార్టన్‌కు ఇరవై నాలుగు. గుండ్రటి రేకు డబ్బాలు, అడ్డం సరిగ్గా పది సెంటీమీటర్లు. వాటికోసం ఖాళీ చేసిన అర నాలుగడుగుల పొడవు, అడుగున్నర లోతు. వెనక గోడ, రెండు పక్కలా చెక్క.

తండ్రి నేర్పినట్టే పేర్చాడు. గోడ వెంబడి పన్నెండు. వాటి ముందర సూటిగా ఇంకో పన్నెండు. అట్లా నాలుగు వరుసలు, నలభై ఎనిమిది. దాని మీద రెండో దొంతర, ఆ పైన మూడోది. నూట నలభై నాలుగు. ఆరు కార్టన్లు ఖాళీ అయ్యాయి. ఏడోది గడప దగ్గరే ఉండిపోయింది.

"గా కార్టన్ కాలికి తగులుతాంది, లోపల పెట్టరాదు?" అంది భార్య.

"యాడ పెట్టమంటవ్?"

అర ముందు అంచున మూడు వేళ్ల ఖాళీ ఉంది. డబ్బా పట్టదు, కానీ కంటికి కొడుతూనే ఉంటుంది. పై దొంతరలు దించి, ముందు వరుస కొసన ఒక డబ్బా తీసి, దాని పక్క డబ్బాను చేత్తో లోపలికి నెట్టాడు. అది పక్కకు జారి, వెనక ఉన్న రెండు డబ్బాల నడుమ సందులోకి ఒదిగి కూర్చుంది. ముందున్న ఖాళీ మూడు వేళ్ల నుంచి నాలుగు వేళ్లయింది.

రాజేశం ఆ డబ్బాను అట్లనే కాసేపు చూశాడు. తర్వాత అర మొత్తం ఖాళీ చేశాడు.

గోడ వెంబడి పన్నెండు పెట్టాడు. రెండో వరుస సూటిగా కాకుండా సందుల్లోకి నెట్టాడు, పదకొండే పట్టాయి. ఒకటి తగ్గిందని మనసు పీకింది. మూడో వరుసలో మళ్లీ పన్నెండు. నాలుగులో పదకొండు. అప్పటికి ముందర డబ్బాకు కాస్త తక్కువ జాగా కనిపించింది. అయిదో వరుస పన్నెండు పెట్టాడు. అన్నీ పలక మీదనే ఉన్నాయి, ముందు అంచుకు ఇంకా సెంటీమీటరు మిగిలింది.

వేలు పెట్టి లెక్కబెట్టాడు. యాభై ఎనిమిది. మళ్లీ లెక్కబెట్టాడు. యాభై ఎనిమిదే.

సరిగ్గా డబ్బా మీద డబ్బా పెట్టి మూడు దొంతరలు లేపాడు. ఏడో కార్టన్ మొత్తం పట్టి, పైన ఇంకో ఆరు డబ్బాలకు చోటు మిగిలింది.

ఆ ఊపులో ఎదుటి గోడ మీద అరకు వెళ్లాడు. అదీ నాలుగడుగుల పొడవే, లోతు మాత్రం ఒక అడుగు. అక్కడ అదే సైజు డబ్బాలు మూడు వరుసలుగా ముప్పై ఆరు ఉన్నాయి. అన్నీ దించి సందుల్లోకి నెడుతూ పేర్చాడు. పన్నెండు, పదకొండు, పన్నెండు. ముందర జాగా మిగిలింది గానీ నాలుగో వరుస పట్టదు. చేతిలో ఒక డబ్బా మిగిలిపోయింది. దించి మళ్లీ పేర్చాడు. మళ్లీ ఒకటి మిగిలింది.

"ఆ అరల పది పెరిగినయి, ఈ అరల ఒకటి తక్కువైంది. గిదేం లెక్క?" అనుకుంటూ రాజేశం సగం దించిన షట్టర్ కింద వెలుతురులో ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

---

పరకాల పోరడు

అక్కా, కథ మంచిగుంది. కాకపోతే ఆఖరు తప్పు. సూటిగా పేరిస్తే గుండ్రటి డబ్బాలు జాగాలో 78.5 శాతం నింపుతయి. సందుల్లో పేరిస్తే 90.7 శాతం. అంటే సందుల పేర్పు ఎప్పుడైనా 15 శాతం ఎక్కువ. నేను ఇంజినీరింగ్‌ల చదివిన, ఇది పక్కా. ఆ లెక్కన 36 ఉన్న కాడ 41 రావాలె, 35కు తగ్గే ముచ్చటే లేదు. ఇంకోటి, 48 ఉన్న కాడ 55 రావాలె, నువ్వు 58 రాసినవ్. రెండు అరల లెక్కా చూసుకో.

---

నర్సంపేట వదిన

చెల్లె, నాకు ఒకటి అర్థం కాలే. దొంతర మీద దొంతర అంటున్నవ్ గదా, పైకి పోయిన కొద్దీ తగ్గాలె. బతుకమ్మ పేర్చినట్టే. అడుగున తాంబాలం నిండ తంగేడు, దాని మీద గునుగు వరుస జర లోపలికి, ఇట్ల ఎక్కిన కొద్దీ చిన్నగైతది. మా దుకాణంల పండుగకు డబ్బాలు ముందర గోపురం లెక్క పేరుస్తం, అడుగు వరుసల పది పెడితే దాని మీద తొమ్మిది, ఆ మీద ఎనిమిది. అన్ని దొంతరలల్ల 58 ఎట్లుంటయి? మూడో దొంతరకు వచ్చేవరకు ముప్పై, నలభై ఉండాలె.

---

దుకాణపు బిడ్డ, హన్మకొండ

వదినా, మీరు చెప్పేది డబ్బాను కింది రెండు డబ్బాల నడుమ కూర్చోబెట్టే పేర్పు. రాజేశం అట్ల పెట్టలేదు. కింది డబ్బా మూత మీదనే పై డబ్బా అడుగు పెట్టిండు. అందుకే మూడు దొంతరలకు అదే 58. ఆ మాట కథలో గబుక్కున దాటిపోయినట్టుంది, పిల్లలు కూడా మీలాగే అనుకుంటరు. ఇంకో వాక్యం కలుపుత.

పరకాల తమ్మి, నేను బియ్యం సంచి కింద పరిచే అట్ట మీద పది సెంటీల గుండ్రాలు గీసి చూసిన. 58, 35 రెండూ వచ్చినయి. కానీ నువ్వు చెప్పిన 15 శాతం కూడా పుస్తకంలో ఉన్నదే. అందుకే ఇక్కడ పెట్టిన.

---

పాత లెక్కల సారు, కాజీపేట

అమ్మా, నీ రెండు లెక్కలూ సరైనవే. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఈ కథ నాకు అప్పుడే దొరికి ఉంటే బాగుండేది. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అన్నది ఒకే దారంతో చెప్పొచ్చు.

ముందు మూడు డబ్బాలు తీసుకో. రెండు పక్కపక్కన ఆనుకుని ఉంటాయి, మూడోది వాటి సందులో కూర్చుంటుంది. మూడు మూతల నడిబొడ్డున చాక్‌పీసుతో చుక్క పెట్టి కలిపితే ప్రతి భుజం పది సెంటీలున్న త్రిభుజం వస్తుంది. వెనక వరుస చుక్కల గీత నుంచి ముందు చుక్క ఎంత దూరం? పిల్లలకు పైథాగరస్ వచ్చు కదా. పదికి పది వంద, అందులోంచి అయిదైదులు ఇరవై అయిదు తీస్తే డెబ్బై అయిదు, దాని వర్గమూలం 8.66. సూటిగా పెడితే ప్రతి వరుస పది సెంటీలు తింటుంది. సందులో పెడితే 8.66 తింటుంది. అంటే వెనక్కి నెట్టిన ప్రతి వరుసకూ 1.34 సెంటీలు ఆదా. కథకంతటికీ ఈ ఒక్క సంఖ్యే తాళంచెవి.

ఇప్పుడు పెద్ద అర చూడు. అడుగున్నర అంటే 45.7 సెంటీలు. సూటిగా నాలుగు వరుసలకు 40 పోగా 5.7 మిగులుతుంది, అదే నీ రాజేశం చూసిన మూడు వేళ్ల ఖాళీ. అయిదో వరుస పట్టాలంటే పది సెంటీలు కావాలి. అయిదు వరుసల నడుమ నాలుగు సందులుంటాయి. నాలుగు సార్లు 1.34 అంటే 5.36. ఆ 5.7కు ఈ 5.36 కలిస్తే పది దాటింది. అయిదో వరుస దిగింది. ఇంకా సెంటీ చిల్లర మిగిలింది, నువ్వు రాసినట్టే.

చిన్న అరకు రా. అడుగు అంటే 30.5. మూడు వరుసలకు 30 పోతే మిగిలింది అర సెంటీ. నాలుగో వరుస కోసం మూడు సందులు, మూడు సార్లు 1.34 అంటే నాలుగు సెంటీలు. అర, నాలుగు కలిపితే నాలుగున్నర. పది ఎక్కడ, నాలుగున్నర ఎక్కడ? కొత్త వరుస రాలేదు. కానీ సందులో పెట్టినందుకు నడిమి వరుసలో ఒక డబ్బా పోయింది. లాభం రాకుండా నష్టం మాత్రం మిగిలింది, అదే రాజేశం చేతిలో ఉన్న డబ్బా.

పిల్లలకు ఒక్క మాటలో చెప్పాలంటే ఇట్లా చెప్పు: ఈ అరల్లో సందు పేర్పుకు వరుస విడిచి వరుసకు ఒకటి పోగొట్టుకుంటాం, ముందర ఉన్న ఖాళీ, ఆదా చేసిన జాగా కలిసి ఒక నిండు వరుసకు సరిపోతేనే ఆ పోయింది తిరిగి వస్తుంది.

---

పరకాల పోరడు

సారూ, లెక్క అర్థమైంది. మరి 15 శాతం ఎటుపోయింది? పుస్తకం తప్పా?

---

పాత లెక్కల సారు, కాజీపేట

పుస్తకం తప్పు కాదు నాయనా. ఆ 78.5, 90.7 అంచులే లేని మైదానానికి చెప్పినవి. క్రమమైన పేర్పుల్లో సందు పేర్పును మించింది లేదని 1773లో లగ్రాంజ్ చూపాడు. క్రమం లేకుండా ఎట్లా పెట్టినా మించదని గట్టిగా రుజువైంది 1940లలో, హంగరీ గణితవేత్త లాస్లో ఫెయెష్ తోత్ చేతిలో. వాళ్లు మాట్లాడింది ఎటు చూసినా కొస లేని నేల గురించి. అరకు కొసలున్నాయి. పక్క చెక్కల దగ్గర సందు పేర్పు వరుస విడిచి వరుసకు సగం డబ్బా జాగా వదిలేస్తుంది. అర చిన్నదైన కొద్దీ ఆ నష్టం పెద్దగా కనిపిస్తుంది.

నువ్వు అడిగిన 55 సంగతి కూడా ఇందులోనే ఉంది. పెద్ద అరలో పెరుగుదల 15 శాతం దాటి, 48 మీద 10 పెరిగింది. సందు పేర్పు గొప్పతనం అందులో కొంతే. సూటి పేర్పు ఆ 5.7 సెంటీలను వట్టిగా పారేస్తుండేది, అది కూడా ఇప్పుడు అక్కరకొచ్చింది. నీ లెక్కలో సూటి పేర్పు అరను అంచుల దాకా నింపిందని అనుకున్నావు, అక్కడే తేడా వచ్చింది.

అర లోతు పెరిగితే ఏమవుతుందో కూడా చూడు. సూటిగా ఏడు వరుసలు సరిగ్గా పట్టే 70 సెంటీల అరలో సందు పేర్పుతో ఎనిమిదో వరుసకు 70.62 కావాలి, అర సెంటీ చిల్లరతో తప్పిపోతుంది. 80 సెంటీల అరలో తొమ్మిది వరుసలకు 79.28 చాలు. ఎనిమిది వరుసలు దాటినంక ముందర ఖాళీ ఏమీ మిగలకున్నా కొత్త వరుస దానంతట అదే వస్తుంది. కిరాణం అరలు అంత లోతుండవు కాబట్టి మనకు ముందు మిగిలే ఖాళీయే ముఖ్యం.

నర్సంపేట అమ్మ చెప్పిన గోపురం పేర్పు వేరే లెక్క, కానీ మంచి లెక్క. అడుగు దొంతర మూడు మూలల ఆకారంలో పేర్చి పైకి పోతే పది, ఆరు, మూడు, ఒకటి ఉంటాయి. అట్లాంటి కుప్పలో మొత్తం ఎన్నో తేల్చే సూత్రం ఆర్యభటుడు 499లోనే ఇచ్చాడు. అది ఇంకో కథ కావాలి, ఇందులో కలపకు.

---

బీట్ బజార్ హోల్‌సేల్

సారు లెక్కకు దండం. నేను ఇరవై రెండేండ్ల సంది డబ్బాలు ఎత్తుతున్న, సందుల పెడితే ఎక్కువ పడతయని తెలుసు గని ఎందుకో ఇయాల తెలిసింది.

గని చెల్లె, నీ కథల డబ్బా అడ్డం పది సెంటీలు అని రాసినవ్. యాడ కొలిచినవ్? రేకు డబ్బాకు నడుమ ఒక కొలత, పైన కింద మడత అంచు కాడ ఇంకో కొలత. ఆ అంచు బయటికి పొడుసుకొని ఉంటది. డబ్బాలు ఒకదానికొకటి ఆనేది అంచు కాడనే, నడుమ కాదు. రాత్రి గోడౌన్ల నా దగ్గరున్న పాలపొడి డబ్బా కొలిచిన. నడుమ పది, అంచు కాడ 10.2.

రెండు మిల్లీలే గదా అనుకుంటరు. పన్నెండు డబ్బాలు వరుసగా పెడితే 122.4 అయితది. నాలుగడుగులు 121.9. పన్నెండోది పట్టదు! వరుసకు పదకొండే. సూటిగా పెడితే పదకొండు నాలుగుల నలభై నాలుగు.

ఇగ సందుల పెట్టి చూసిన. మొదటి వరుస పదకొండు. రెండో వరుస అర డబ్బా జరుగుతది, అయినా పదకొండు పట్టినయి, ఎందుకంటే పక్కకు డబ్బా మందం కొంచెం తక్కువ జాగా మిగిలే ఉన్నది. అన్ని వరుసలు పదకొండే. అయిదు వరుసలకు లోతు 45.5 దాకా వచ్చింది, పలక అంచుకు సూది మొన అంత మిగిలింది. యాభై అయిదు. అంటే మీ 58 కాదు, నా 55. మూడు దొంతరలకు 165. ఏడు కార్టన్లంటే 168. మూడు డబ్బాలు చేతిలనే ఉంటయి.

కాబట్టి ఒక్క డబ్బా కొలిచి లెక్క వేయొద్దు. పది డబ్బాలు ఒకదానికొకటి ఆనించి వరుస పెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు టేపు పట్టుండ్రి. వచ్చిన దాన్ని పదితో భాగిస్తే అసలు కొలత అదే. ఒక డబ్బా మీద రెండు మిల్లీల తప్పు కంటికి కనబడదు, పది మీద రెండు సెంటీలైతది, అప్పుడు దాగదు.

ఇంకో మాట. ముందర దుకాణంల నేను సందుల పెట్టను. డేట్ ముందు అయ్యే డబ్బా ముందు పోవాలె. సూటి వరుసల ఉంటే వెనక డబ్బా వీపు మీద చెయ్యి పెట్టి గుంజితే లైను మొత్తం ముందుకు వస్తది, కొత్త సరుకు వెనక పెడత. సందుల పేరిస్తే గుంజంగనే పక్కవి జరిగి అంతా చెదిరిపోతది. పాత డబ్బాలు వెనక ఉండిపోతయి. గోడౌన్ల, మొత్తం ఒకేసారి వచ్చి ఒకేసారి పోయే సరుకుకు మాత్రం సందుల పేర్పే.

---

నర్సంపేట వదిన

అన్నా, చెదురుతది అనుడు నిజం గాదు. మా దుకాణంల సందులల్లనే ఉంటయి. గోధుమ పిండి అట్ట చీల్చి రెండు వరుసలకు ఒకటి అడ్డం పెడతం. ముందు వరుస అయిపోయినంక అట్ట తీసి వెనకది ముందుకు జరుపుతం. రోజూ పొద్దుగాల ఊడ్చేటప్పుడు అయిపోయే పని. అరల జాగా లేని చిన్న దుకాణం మాది, వరుసకు వరుస మిగిలితే మాకు పెద్ద లాభం.

---

బీట్ బజార్ హోల్‌సేల్

వదినా, ఆ అట్ట మందం లోతులకెళ్లి పోతది గదా. నా అరల సూది మొన అంతే మిగిలింది. ఒక్క అట్ట పెట్టినా అయిదో వరుస బయటికి వస్తది.

---

నర్సంపేట వదిన

మీ డబ్బాకు రాదేమో. మా అరకు ముందర పట్టీ లేదు, రెండు మిల్లీలు బయటికి వచ్చినా డబ్బా పడదు.

---

వడ్ల పని, జనగామ

నమస్తే. నేను దుకాణాలకు అరలు కొట్టేటోన్ని. పట్టీ మాట వచ్చింది గనుక చెప్తున్న. అడుగున్నర అర కావాలంటే మేం అడుగున్నర పలకే కోస్తం. గని వెనక ప్లైవుడ్ షీటు కొట్టి, ముందర డబ్బాలు జారకుండ పట్టీ కొడితే లోపలి జాగా అడుగున్నర ఉండదు. షీటు, పట్టీ కలిపి ఒక పన్నెండు మిల్లీలు పోయినయనుకోండ్రి. 45.7 కాస్తా 44.5 అయితది. సారు లెక్కన పది సెంటీల డబ్బాలు అయిదు వరుసలకు 44.64 కావాలె. మిల్లీమీటరున్నర తక్కువ పడి మొత్తం వరుస పోతది, పన్నెండు డబ్బాలు పోతయి! కథల వెనక గోడనే అని రాసినవ్, మంచిదే. ముందర పట్టీ లేదని గూడ రాయి. కొలిచేది పలకను కాదు, లోపలి జాగాను అని పిల్లలకు చెప్పు.

రెండోది బరువు. పాలపొడి డబ్బా రేకుతోటి కలిపి అర కిలో అనుకుందాం. సూటిగా మూడు దొంతరలు 144 అంటే 72 కిలోలు. సందుల 174 పెడితే 87 కిలోలు. నాలుగడుగుల పలక రెండు కొసలల్ల ఆని నడుమ ఏ ఆసరా లేకుంటే పొట్ట దించుతది. వారం రోజులల్ల కనబడదు, ఎండాకాలం దాటినంక కనబడుతది. పొట్ట దించిందా లేదా అన్నది ఎట్ల పట్టాలంటే, పలక అడుగున కొస నుంచి కొసకు దారం గట్టిగ గుంజి పట్టుండ్రి. సూటిగున్న పలకను దారం మొత్తం తాకుతది, దిగిన పలక నడిమిట్ల దారాన్ని కిందికి నూకుతది. రాజేశం డబ్బాలు పెంచిండు గనుక నడుమ ఒక బ్రాకెట్ కొట్టించుకోవాలె. అది పలక కిందనే ఉంటది, డబ్బాలకు అడ్డం రాదు.

మా ఊర్ల ఒక దుకాణానికి నేనే కొట్టిన అర ఇట్ల దిగితే రెండోసారి పోయి సరిచేసి వచ్చిన. అది నా తప్పే, ఎంత బరువు పెడతరో అడగలే. అప్పటి సంది ముందు ఏ సరుకు, ఎన్ని దొంతరలు అని అడిగి పలక మందం చెప్తున్న.

---

దుకాణపు బిడ్డ, హన్మకొండ

అందరికీ మొక్కుత. పొద్దున్నే పది డబ్బాలు తెచ్చి వరుస పెట్టి కొలిచిన. నా దగ్గరివి 101.5 వచ్చినయి, అంటే ఒకటి 10.15. బీట్ బజార్ అన్న మాటే నిజం. 10.15 అయితే పన్నెండింటికి 121.8, నాలుగడుగులకు ఒక్క మిల్లీ లోపట. పన్నెండూ పడతయి, గోటి సందు కూడా లేకుండ! కాబట్టి నా డబ్బాలతో 58 వస్తది, అన్న డబ్బాలతో 55 వస్తది. డబ్బాకు డబ్బాకు తేడా అర మిల్లీ.

కథలో "అడ్డం సరిగ్గా పది" అన్నది తీసేసి, రాజేశం పది డబ్బాలు వరుస పెట్టి టేపు పట్టినట్టు రాస్త. అప్పుడు సెంటీమీటరు చిల్లర మిగలదు, నాలుగు మిల్లీలే మిగులుతది, అది కూడా మార్చుత. ముందర పట్టీ లేదని రాస్త. వడ్లన్న చెప్పిన దారం పరీక్ష కథలో పెట్టాలని ఉంది గాని, దానికి రాజేశం ఇంకో ఆరు నెలలు ఆగాలె. చూస్త.

---

పరకాల పోరడు

నాకు చిన్న అర ఇంకా నిద్ర పట్టనిస్తలేదు. 36 సూటిగా, 35 సందుల. ఈ రెండే పేర్పులా? అర సెంటీ లోతు, పక్కకు రెండు సెంటీలు ఖాళీ ఉన్నయి గదా. కొన్ని సూటిగా, కొన్ని వంకరగా పెట్టి 37 పట్టించలేమా?

---

పాత లెక్కల సారు, కాజీపేట

మంచి ప్రశ్న అడిగావు. వంకర పేర్పుకు నిజంగానే బలం ఉంది. రెండు డబ్బాల లోతు, వెయ్యి డబ్బాల పొడవు ఉన్న అర ఊహించుకో. సూటిగా 2000 పడతాయి. సందు పేర్పుకు మూడో వరుస రాదు కాబట్టి నష్టమే. కానీ మూడేసి డబ్బాలను త్రిభుజాల్లా గుంపు కట్టి, ఒక గుంపు నిటారుగా, దాని పక్కది తలకిందులుగా ఒదిగించుకుంటూ పోతే 2011 పట్టే దారి ఉంది. గుంపుకు ఒక వెంట్రుకవాసి ఆదా, ఆ వెంట్రుకలు కలిసి డబ్బా అవ్వాలంటే చాలా పొడవు కావాలి. మన అర పన్నెండు డబ్బాల పొడవే. నేను సాయంత్రం నాణేలతో పేర్చి చూశాను, 37 నాకు రాలేదు. రాదని రుజువు కూడా నా దగ్గర లేదు. ఎవరైనా పేర్చితే ఫొటో పెట్టండి.

---

బీట్ బజార్ హోల్‌సేల్

ఆదివారం మార్కెట్ బంద్ ఉండె, నేనూ మా పోరగాడు కూసున్నం. పాత డబ్బాలు మూత అంచు కాడ సరిగ్గ పది ఉన్నయి ఏరి, అడుగు లోతు పలక మీద చూసినం. కుడి దిక్కు ఆరు లైన్లు సూటిగా ఉంచి ఎడమ దిక్కు సారు చెప్పినట్టు మూడేసి తిప్పి తిప్పి పెట్టినం. 36 అయినంక ఎడమ మూలకు జాగా మిగిలింది గని, అది డబ్బా అంత కాదు, మూడు వేళ్లంతే. రెండు గంటలు కష్టపడ్డం. 37 రాలే. మా పోరడు ఇంకా విడువలే, అన్నం తినుకుంట గూడ నాణేలు జరుపుతాండు.

---

దుకాణపు బిడ్డ, హన్మకొండ

అన్నా, మీ అబ్బాయికి దొరికితే ఇక్కడే చెప్పండి. కథ ఆఖరు ఇట్లా మార్చిన:

"రాజేశం చిన్న అరలో డబ్బాలన్నీ దించి మళ్లీ సూటిగా పేర్చాడు. చేతిలో ఉన్నది ముప్పై ఆరోదిగా కూర్చుంది. గల్లా పెట్టెలోంచి చాక్‌పీసు తీసి పెద్ద అర చెక్క మీద 58 అనీ, చిన్న అర చెక్క మీద 36 అనీ రాశాడు. ముందు అంచున వేలు పెట్టి చూశాడు, గోరు పట్టేంత జాగా కూడా మిగల్లేదు."

రేపు సాయంత్రం చదువుత. పిల్లలకు డబ్బాలు, టేపు, రెండు అట్టలు తెచ్చి పెట్టిన, ఒకటి అడుగున్నర లోతుది, ఒకటి అడుగుది. కథ సగంలో ఆపి, 48 దగ్గర, వాళ్లతోనే పేర్పిస్త.